ఫోన్ హాల్లోంచి జేబులోకి వెళ్ళింది, ఇంటి కట్టుబాటు హాల్లోనే ఉండిపోయింది

క్లుప్తంగా: వస్తువులు త్వరగా మారతాయి. వాటి చుట్టూ అల్లుకున్న అలవాట్లు, కట్టుబాట్లు, చట్టాలు నిదానంగా కదులుతాయి. ఈ రెండింటి మధ్య ఏర్పడే ఎడాన్ని సామాజిక శాస్త్రంలో సాంస్కృతిక విలంబన అంటారు. సెల్‌ఫోన్ మీద ఇళ్ళలో జరిగే తగువులను పెద్దల మొండితనంగానో, పిల్లల తలబిరుసుగానో చూడటం మామూలే. కాస్త వెనక్కి వెళ్ళి చూస్తే మరో కారణం కనిపిస్తుంది. ఫోన్ గురించిన పాత కట్టుబాటును అమలు చేసింది ఇంట్లో మనుషులకంటే ఎక్కువగా ఆ ల్యాండ్‌లైన్ పెట్టే. అది పోయాక కట్టుబాటు మిగిలింది, దాన్ని నడిపించే సాధనం మిగల్లేదు.

## ఆగ్‌బర్న్ పెట్టిన షరతు

ఈ ఆలోచనకు పేరు పెట్టినవాడు అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త విలియం ఆగ్‌బర్న్. 1922లో అచ్చయిన తన పుస్తకంలో ఆయన తీసుకున్న ప్రధాన ఉదాహరణ ఫ్యాక్టరీ ప్రమాదాలు. అమెరికాలో 1870 తర్వాత పెద్ద యంత్రాలు విరివిగా వచ్చాయి. చేతులు, వేళ్ళు పోగొట్టుకునే కార్మికులు పెరిగారు. చట్టం మాత్రం చేతి పనిముట్ల కాలం నాటిది. నష్టపరిహారం కావాలంటే కార్మికుడే కోర్టుకెక్కి యజమాని నిర్లక్ష్యాన్ని రుజువు చేయాలి. తోటి కూలీ పొరపాటు వల్ల ప్రమాదం జరిగినా, ప్రమాదమని తెలిసే పనిలో చేరినా యజమానికి బాధ్యత లేదు. చిన్న వర్క్‌షాపులో నలుగురు కలిసి పనిచేసిన రోజుల్లో ఈ సూత్రాలకు ఏదో ఒక అర్థం ఉండేది. వందలాది మంది పనిచేసే మిల్లులో అవి కార్మికుడి నోరు నొక్కే సూత్రాలయ్యాయి. తప్పెవరిదన్న ప్రశ్న లేకుండా పరిహారం ఇచ్చే చట్టాలు అక్కడి రాష్ట్రాల్లో 1910 తర్వాతే నిలదొక్కుకున్నాయి. అంటే దాదాపు నలభై ఏళ్ళ ఎడం. మన దేశంలో వర్క్‌మెన్స్ కాంపెన్సేషన్ చట్టం 1923లో వచ్చింది.

ఆగ్‌బర్న్ మాటను ఇప్పుడు ఎక్కడపడితే అక్కడ వాడేస్తున్నారు. కొత్త వస్తువు వచ్చి, జనం ఇబ్బంది పడితే చాలు, విలంబన అనేస్తున్నారు. ఆయన లెక్క అంత వదులుగా లేదు. రెండు విషయాలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉండాలి. అవి ఒకప్పుడు చక్కగా కుదిరి ఉండాలి. తర్వాత ఒకటి మారాలి, రెండోది మారకుండానో తక్కువగా మారో ఉండిపోవాలి. ఇందులో ఎక్కువమంది వదిలేసేది రెండో షరతును. సెల్‌ఫోన్ వల్ల ఇంటి కట్టుబాటు వెనకబడిందని అనాలంటే, అంతకుముందు ఏ ఫోన్‌తో ఏ కట్టుబాటు ఎలా కుదిరి ఉండేదో ముందు చూపించాలి.

## ఎవరూ చెప్పని రూల్స్

1990ల్లో ఒక జిల్లా కేంద్రంలో మధ్యతరగతి ఇల్లు ఊహించుకుందాం. ఎదురుచూడగా ఎదురుచూడగా కనెక్షన్ వచ్చింది. ఫోన్‌ను హాల్లో చిన్న స్టూలు మీద పెట్టి, కింద కుట్టుపని చేసిన గుడ్డ పరిచారు. వీధిలో మరో నాలుగు ఇళ్ళ వాళ్ళు తమ బంధువులకు ఇదే నంబరు ఇచ్చుకున్నారు, అది తమ సొంతది కాదని తెలిసేలా పక్కన పి.పి. అని రాసి. గంట మోగితే ఇల్లంతా వినిపిస్తుంది. తీసేది సాధారణంగా ఇంటి పెద్ద, ఆయన లేకపోతే ఆయన భార్య.

ఈ ఏర్పాటు తనంతట తానే ఎన్ని కట్టుబాట్లను నడిపించిందో చూడండి. ఫోన్ చేసినవాళ్ళు ముందు తామెవరో చెప్పుకోవాల్సిందే. కాలేజీ అమ్మాయి కోసం క్లాస్‌మేట్ ఫోన్ చేస్తే, అతని పేరు, ఊరు, పని ఏమిటన్నది వాళ్ళ నాన్న చెవిన పడకుండా ఆ అమ్మాయి దాకా చేరదు. ఆ అమ్మాయి మాట్లాడే మాట హాల్లో కూర్చున్న అందరూ వింటారు కాబట్టి, ఏం మాట్లాడకూడదో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. రాత్రి తొమ్మిది దాటాక ఎవరూ చేయరు, చేస్తే అందరూ ఉలిక్కిపడి లేస్తారు, ఎవరికో ఏదో అయిందని. ఎక్కువసేపు మాట్లాడితే ఆపడానికి రెండు సిద్ధమైన కారణాలు ఉండేవి: బిల్లు ఎక్కువ వస్తుంది, ఈలోగా ఎవరైనా అర్జెంటుగా చేస్తే లైన్ దొరకదు. తిప్పే డయల్ ఉన్న ఫోన్లకు కొందరు చిన్న తాళం వేసేవారు. ఆ తాళం ఒక్కటే బయటికి కనిపించే రూల్. మిగతావన్నీ గది, గంట, తీగ, బిల్లు కలిసి అమలు చేసినవి.

ఆగ్‌బర్న్ అడిగిన కుదురు ఇదే. ఎవరు ఎవరితో మాట్లాడొచ్చు, ఎప్పుడు, ఎంతసేపు అన్న ఇంటి పద్ధతి ల్యాండ్‌లైన్ స్వభావంలో పూర్తిగా ఒదిగిపోయింది. అది న్యాయమైన పద్ధతా అంటే అది వేరే ప్రశ్న. ఆడపిల్ల మీద దాని బరువు ఎక్కువగా పడిందన్నది కాదనలేని విషయం. కానీ తగువు తక్కువ. రూల్ నోటితో చెప్పాల్సిన అవసరం రానంతవరకు దాన్ని ప్రశ్నించే సందర్భం కూడా రాదు.

## మొదట ధర కాపలా కాసింది

దేశంలో మొదటి సెల్‌ఫోన్ కాల్ 1995 జులై 31న కలకత్తా నుంచి వెళ్ళింది. అప్పటి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు ఢిల్లీలో ఉన్న టెలికాం మంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. సాంకేతికంగా చూస్తే హాల్లోని స్టూలుకు కాలం చెల్లడం ఆ రోజే మొదలైంది. అయినా తర్వాతి ఏడెనిమిదేళ్ళు ఇళ్ళలో ఏ గొడవా రాలేదు, ఎందుకంటే మొదట్లో నిమిషానికి 16 రూపాయల దాకా పడేది. వచ్చిన కాల్ ఎత్తినా డబ్బులు కట్టాలి. అలాంటి ఫోన్ ఇంటి యజమాని బెల్టుకే ఉండేది. గది చేసిన కాపలా ఇప్పుడు ధర చేసింది.

ఎడం కనిపించడం మొదలైంది 2003 నుంచి. ఆ ఏడాది ఇన్‌కమింగ్ కాల్స్ ఉచితమయ్యాయి, ఫోన్లు చవకయ్యాయి, అవుట్‌గోయింగ్ రేట్లు పైసల్లోకి దిగాయి. ఇంట్లో రెండో ఫోన్, మూడో ఫోన్ వచ్చాయి. ఇక్కడొక చిన్న విచిత్రం గమనించాలి. కొత్త ఫోన్‌తో జనం మొట్టమొదట సొంతంగా కనిపెట్టిన పద్ధతి మిస్డ్ కాల్. ఒక్క రింగ్ ఇస్తే “బయల్దేరాను”, రెండిస్తే “నువ్వే చెయ్యి”. దానికీ ఒక మర్యాద ఏర్పడిపోయింది: చిన్నవాడు పెద్దవాడికి, ఉద్యోగి యజమానికి మిస్డ్ కాల్ ఇవ్వకూడదు, డబ్బులున్నవాడు లేనివాడికి అసలే ఇవ్వకూడదు. ఏ కంపెనీ మాన్యువల్‌లోనూ లేని ఈ నియమాలు రెండు మూడేళ్ళలో ఊరూరా ఒకేలా కుదిరాయి. ఆచారాలు సహజంగానే మందకొడివి అనే వాదనకు ఇదొక మంచి జవాబు. డబ్బు గురించిన ఆచారం పరుగెత్తింది. ఎవరు ఎవరితో మాట్లాడొచ్చన్న ఆచారం కదల్లేదు. మిస్డ్ కాల్ వల్ల ఎవరి అధికారమూ తగ్గలేదు, అందుకని దానికి అడ్డు రాలేదు. రెండో దానిలో తగ్గేది ఇంటి పెద్ద అధికారమే.

2016 సెప్టెంబరులో జియో వచ్చాక కాల్‌కు విడిగా ధర అనేదే పోయింది, డేటా కూడా అంతకుముందు ఊహించనంత చవకైంది. దాంతో చివరి కాపలా కూడా లేచిపోయింది. “ఎంతసేపు మాట్లాడతావ్, బిల్లు ఎవరు కడతారు” అనే మాటలో రెండో సగం అర్థం కోల్పోయింది. మొదటి సగం అలాగే మిగిలింది, కారణం లేకుండా.

## కారణం పోయి రూల్ మిగిలితే

విలంబనను గుర్తుపట్టడానికి ఇదే మొదటి ఆనవాలు: రూల్ పాతదే, దానికి చెప్పే కారణం మాత్రం మాటిమాటికీ మారుతుంటుంది. ఫోన్ ఎక్కువసేపు వాడొద్దనడానికి ఒకప్పుడు బిల్లు కారణం. తర్వాత రేడియేషన్, తర్వాత కళ్ళు, తర్వాత చదువు, తర్వాత చెడు స్నేహాలు. వీటిలో కొన్ని నిజంగా ఆలోచించాల్సినవే. కానీ కారణం ఏదైనా తీర్పు ఒకటే అయినప్పుడు, ఆ కారణం తీర్పు తర్వాత వెతికి తెచ్చుకున్నదని వినేవాడికి అర్థమైపోతుంది. పదమూడేళ్ళ పిల్లలకు ఈ విషయం చాలా త్వరగా అర్థమవుతుంది.

రెండో ఆనవాలు: రూల్ పనిమీద కాకుండా మనిషిమీద పడుతుంది. ఒకే ఇంట్లో ఇంటర్ చదివే కొడుకు ఫోన్‌కు లాక్ ఉంటే “వాడి ప్రైవసీ”, డిగ్రీ చదివే కూతురు ఫోన్‌కు ఉంటే “ఏం దాస్తున్నావ్”. హాల్లో ఫోన్ ఉన్నప్పుడు ఈ తేడా లేదని కాదు, గోప్యత ఎవరికీ లేదు కాబట్టి తేడా కంటికి ఆనలేదు. ఇప్పుడు గోప్యత వస్తువులోనే వచ్చేసింది. దాన్ని ఎవరికి ఇవ్వాలి, ఎవరి దగ్గర లాక్కోవాలి అన్నది బాహాటంగా నిర్ణయించాల్సి వస్తోంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ళ మహిళల్లో తాము సొంతంగా వాడుకునే ఫోన్ ఉందన్నవారు దేశం మొత్తమ్మీద 54 శాతం. ఇంట్లో ఫోన్ ఉండటం, తన చేతిలో ఫోన్ ఉండటం ఒకటి కాదన్న విషయం ఈ అంకెలో ఉంది.

మూడోది, రూల్ పెట్టినవాళ్ళే దాన్ని పాటించలేకపోవడం. ల్యాండ్‌లైన్ నియమాలు నాన్నకూ వర్తించేవి. రాత్రి తొమ్మిది తర్వాత ఆయనా ఎవరికీ చేసేవాడు కాదు, భోజనం దగ్గర కూర్చుని ఆయనా ఫోన్ చూడలేడు, అది అక్కడ లేదు కనుక. ఇప్పుడు అన్నం తింటూ వాట్సాప్ వీడియోలు చూసే తండ్రి “కంచం దగ్గర ఫోన్ ఏమిటి” అంటే మాట చెల్లదు. గది చేసిన పనిని మనిషి చేయబోతే వచ్చే చిక్కే ఇది. గది అందరికీ ఒకటే, మనిషి తనకు తాను మినహాయింపు ఇచ్చుకుంటాడు.

## అతుకులు మూడు రకాలు

అమలు సాధనం పోయినప్పుడు ఇళ్ళూ ఊళ్ళూ దాని స్థానంలో ఏదో ఒకటి అతికిస్తాయి. ఇంతవరకు కనిపించినవి ప్రధానంగా మూడు.

మొదటిది నిషేధం. 2016 ఫిబ్రవరిలో గుజరాత్ మెహసానా జిల్లా సూరజ్ గ్రామంలో పెళ్ళికాని ఆడపిల్లలు సెల్‌ఫోన్ వాడకూడదని తీర్మానం చేశారు. తప్పితే 2,100 రూపాయల జరిమానా. చదువు పాడవుతుందన్నది చెప్పిన కారణం, మగపిల్లలకు మాత్రం ఆ భయం ఉన్నట్టు లేదు. ఏడు నెలల తర్వాత దేశమంతా డేటా చవకైంది. నిషేధంలో ఉన్న అసలు బలహీనత అన్యాయం ఒక్కటే కాదు, అది బయటి ప్రపంచం కదలకుండా ఉంటుందని నమ్ముకుంటుంది.

ఆ నమ్మకం ఎంత పెళుసో 2020 చూపించింది. మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది, బడులు మూతపడ్డాయి. సెప్టెంబర్ 1 నుంచి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానళ్ళలో పాఠాలు మొదలయ్యాయి. ప్రైవేటు బడులు అంతకంటే ముందే ఫోన్‌లో క్లాసులు పెట్టాయి. హోంవర్కు, హాజరు, పరీక్ష అన్నీ వాట్సాప్ గ్రూపులోకి వచ్చాయి. నిన్నటిదాకా “పదో తరగతి అయ్యేవరకు ఫోన్ ముట్టుకోవద్దు” అన్న ఇంట్లోనే అప్పు చేసి ఫోన్ కొన్నారు. నాలుగో తరగతి పిల్లాడికి ఇచ్చి, గదిలో కూర్చో, ఎవరూ డిస్టర్బ్ చేయరు అన్నారు. పదేళ్ళుగా కాపాడుకొచ్చిన రూల్ నెలల్లో తలకిందులైంది, తలకిందులు చేసింది బడి. ఆ తర్వాత బడులు తెరిచారు కానీ, ఫోన్ వెనక్కి ఇవ్వమని అడగడానికి పెద్దల దగ్గర పాత మాట మిగల్లేదు. “ఫోన్ చదువుకు చేటు” అన్న కారణాన్ని స్వయంగా వాళ్ళే కొట్టేసుకున్నారు.

రెండో అతుకు తనిఖీ. పాస్‌వర్డ్ చెప్పాలి, అడిగినప్పుడు ఫోన్ ఇవ్వాలి, లొకేషన్ ఆన్‌లో పెట్టాలి. హాల్లో నాన్న వినడానికి ఇది కొనసాగింపులా అనిపిస్తుంది కానీ కాదు. హాల్లో వింటున్నారని మాట్లాడేవాళ్ళకు తెలుసు, అందుకు తగ్గట్టే మాట్లాడేవారు. విన్నది ఆ పూట మాటే. ఫోన్ తీసి చూస్తే మూడేళ్ళ కిందటి మాట కూడా బయటపడుతుంది, అవతల మాట్లాడిన స్నేహితురాలి రహస్యాలతో సహా. ఆమె ఈ తనిఖీకి ఒప్పుకోలేదు, ఆమెకు తెలియదు కూడా. అంటే పాత కట్టుబాటు పేరుతో దానికి ఎన్నడూ లేని పట్టు ఇప్పుడు వస్తోంది. దాని ఫలితం కూడా ఎదురుదెబ్బే: రెండో సిమ్, దాచే యాప్, ఆడపేరుతో సేవ్ చేసిన మగ స్నేహితుడి నంబర్.

మూడోది, మనిషిని వదిలేసి సమయాన్నీ చోటునూ పట్టుకోవడం. మహారాష్ట్ర సాంగ్లీ జిల్లాలో మోహిత్యాంచే వడ్‌గావ్ అనే ఊళ్ళో 2022లో ఒక పద్ధతి పెట్టారు. సాయంత్రం ఏడింటికి గుడి మీది సైరన్ మోగుతుంది, ఊరంతా ఫోన్లు, టీవీలు పక్కన పెడతారు. ఎనిమిదిన్నరకు మళ్ళీ సైరన్. ఆ గంటన్నర పిల్లలు చదువుకోవాలి, పెద్దలు మాట్లాడుకోవాలి. ఇది కూడా కోవిడ్ తర్వాత పిల్లలు ఫోన్ వదలడం లేదన్న ఫిర్యాదు నుంచి పుట్టిందే. సూరజ్ తీర్మానానికీ దీనికీ తేడా కఠినత్వంలో లేదు. ఇక్కడ రూల్ అందరికీ ఒకటే, అందరికీ ఒకేసారి, మొదలూ ముగింపూ ఉన్నాయి. ల్యాండ్‌లైన్ గంట చేసిన పనిని సైరన్‌కు అప్పజెప్పారు. దీనికి పరిమితులు లేకపోలేదు. ఒకరినొకరు ఎరిగిన చిన్న ఊళ్ళో పక్కింటివాళ్ళ చూపే సగం పోలీసు. కూకట్‌పల్లిలో వంద ఫ్లాట్ల అపార్ట్‌మెంట్‌లో షిఫ్టు డ్యూటీలవాళ్ళు, అమెరికా క్లయింటుతో సాయంత్రం కాల్ ఉన్నవాళ్ళు, రాత్రి ఏడింటికి ఆర్డర్లు తీసుకెళ్ళే డెలివరీ కుర్రాళ్ళు ఉంటారు. అక్కడ సైరన్ ఎవరి కోసం మోగాలి?

## ఆమిష్ గుడిసె

రూల్‌ను వస్తువు ఉండే చోటుతో ముడిపెట్టడంలో అమెరికాలోని ఆమిష్ క్రైస్తవుల అనుభవం ఇక్కడ పనికొస్తుంది. పెన్సిల్వేనియా లాంకాస్టర్ ప్రాంతంలోని సంప్రదాయ ఆమిష్ సమాజం 1910 ప్రాంతంలోనే ఇళ్ళలో ఫోన్ ఉండకూడదని నిర్ణయించుకుంది. ఫోన్ పాపమని వాళ్ళు అనలేదు. డాక్టరును పిలవాలన్నా, పాల వ్యాపారం నడవాలన్నా అది అవసరమేనని తర్వాత ఒప్పుకున్నారు. దాంతో పొలం గట్టున, దారి చివర చిన్న గుడిసె కట్టి అందులో ఫోన్ పెట్టారు, కొన్ని కుటుంబాలకు కలిపి ఒకటి. పని ఉన్నవాడు నడిచి వెళ్ళి మాట్లాడి వస్తాడు. ఇంట్లో భోజనం మధ్యలో మోగదు, ఊసుపోక మాట్లాడటానికి వానలో ఎవరూ అంతదూరం వెళ్ళరు.

తెలుగు ఇంటి హాలుకు అనుకోకుండా దొరికిన పనితనాన్ని వీళ్ళు కావాలని నిర్మించుకున్నారు. అలా కావాలని నిర్మించుకున్న ఏర్పాటును కూడా సెల్‌ఫోన్ ఇబ్బంది పెట్టింది. జేబులో ఉన్నదానికి గుడిసె కట్టలేరు. వడ్రంగి పనులకు బయటికెళ్ళే ఆమిష్ యువకుల దగ్గర సెల్‌ఫోన్లు కనిపించడం, ఏది వ్యాపారం, ఏది ఇల్లు అన్న చర్చ వాళ్ళలోనూ రావడం మొదలైంది. ఫోన్ ఒక చోట ఉండకపోవడం వల్ల ఎడం ఎంతవరకు పుట్టిందో తేల్చడానికి ఇంతకంటే శుభ్రమైన పోలిక దొరకదు. రెండు సమాజాలూ అన్ని విధాలా వేరు, తెగిపోయిన ముడి మాత్రం ఒకటే.

## బొట్టు పెట్టి పిలవడం

ఆచారమే ఎప్పుడూ వెనక పరుగెత్తుతుందనుకుంటే ఆగ్‌బర్న్ సిద్ధాంతం మీద వచ్చిన ప్రధాన విమర్శను విస్మరించినట్టే. వెనకబడటం అంటే ముందు ఒక గమ్యం ఉందని, అక్కడికి టెక్నాలజీ ముందే చేరిందని ఒప్పుకున్నట్టు. ఆ గమ్యం ఎవరు నిర్ణయించారు? కొన్ని ఆచారాలు తెలియక ఆగిపోలేదు, తెలిసే ఆగాయి.

పెళ్ళి పిలుపు అలాంటిది. శుభలేఖ ఫొటో వాట్సాప్‌లో ఒక్క నిమిషంలో మూడొందల మందికి వెళ్తుంది. అయినా “ఫోన్‌లో పంపారు, ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలవలేదు” అన్న నిష్ఠూరం ఇప్పటికీ బలంగానే ఉంది. సమాచారం చేరవేయడమే పిలుపు అయితే ఇది వెనకబాటు. కానీ ఇక్కడ విలువ అంతా ఆ శ్రమలో ఉంది, ఎండలో ఆటో కట్టించుకుని మీ ఇంటిదాకా రావడంలో ఉంది. ఖర్చు లేని పిలుపుకు ఆ విలువ రాదు. అందుకని రెండూ పక్కపక్కన సర్దుకున్నాయి: దగ్గరివాళ్ళకు బొట్టు, దూరపువాళ్ళకు వాట్సాప్, మధ్యలో ఉన్నవాళ్ళకు వాట్సాప్ పంపి వెంటనే ఫోన్ చేసి “దీన్నే మేము స్వయంగా వచ్చి పిలిచినట్టుగా భావించాలి” అనే మాట. ఆ వాక్యం ఎడం మీద వేసిన వంతెనే. డాలస్‌లో ఉన్న మేనత్తకు అది చెల్లుతుంది, పక్క వీధిలో ఉన్న పిన్నికి చెల్లదు. ఎవరికి చెల్లుతుందో ఎవరూ రాసిపెట్టకుండానే జనానికి తెలుసు.

ఒక్కోసారి వస్తువే ఆచారానికి తలవంచుతుంది. కుటుంబ వాట్సాప్ గ్రూపులోంచి బయటికొస్తే అందరికీ కనిపించేలా, వెళ్ళిపోయారని ఒక లైను పడేది. పెళ్ళి భోజనాల మధ్యలో లేచి వెళ్ళిపోయినంత అవమానంగా తీసుకునేవారు బాబాయిలు. ఆ భయంతోనే ఎంతోమంది రోజూ వంద గుడ్ మార్నింగ్‌లు భరించారు. 2022లో వాట్సాప్ అడ్మిన్లకు తప్ప మిగతావారికి చెప్పకుండా గ్రూపు వదిలే వీలు కల్పించింది. మొహమాటం అనే పాత గుణానికి సాఫ్ట్‌వేర్‌లో చోటు దొరికింది.

## కోర్టు, చట్టం ఇంకా ఆలస్యంగా

ఇంటి ఆచారం నిదానమైతే, చట్టం మరీ నిదానం. ల్యాండ్‌లైన్ రోజుల్లో భార్యాభర్తల మాట రుజువుగా మిగిలే మార్గం చాలా తక్కువ. 1872 నాటి సాక్ష్య చట్టం 122వ సెక్షన్ దంపతుల మధ్య జరిగిన సంభాషణలకు రక్షణ కల్పించింది. వాళ్ళ మధ్యనే నడిచే దావాల్లో మినహాయింపు కూడా ఇచ్చింది. ప్రతి ఫోన్ రికార్డర్‌గా మారాక అలాంటి రికార్డింగుల మీద కోర్టులు భిన్నమైన దారులు పట్టాయి. భార్య ఫోన్ సంభాషణలను భర్త రికార్డు చేయడం ఆమె గోప్యతను హరించడమేనని, దాన్ని సాక్ష్యంగా తీసుకోలేమని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఇచ్చిన తీర్పు 2008 లా రిపోర్టుల్లో ఉంది. 2025 జులైలో సుప్రీంకోర్టు వేరే నిర్ణయానికి వచ్చింది. విడాకుల కేసులో భార్యాభర్తల మధ్య రహస్యంగా రికార్డు చేసిన సంభాషణ సాక్ష్యంగా పనికొస్తుందని, ఒకరిపై ఒకరు నిఘా పెట్టుకునే దశకు వచ్చారంటే ఆ కాపురం అప్పటికే దెబ్బతిన్నట్టేనని చెప్పింది. రికార్డింగ్ బటన్ సామాన్యుడి చేతికొచ్చిన ఎన్నో ఏళ్ళకు ఈ స్పష్టత. ఈలోగా ఎన్నో సంసారాల్లో ఆ బటన్ బెదిరింపుగా పనిచేసింది.

పిల్లల విషయంలో 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఒక అడుగు వేసింది. 18 ఏళ్ళలోపు వారి డేటా తీసుకోవాలంటే తల్లిదండ్రుల నుంచి, అదీ నిర్ధారించుకోదగిన అనుమతి ఉండాలంది. దీని వెనకున్న ఇల్లు ఎలాంటిదో గమనిస్తే చిక్కు తెలుస్తుంది. పిల్లలకు వేరే ఫోన్, వేరే అకౌంట్ ఉన్నాయని, అనుమతి అడిగితే చదివి అర్థం చేసుకుని ఇచ్చే తల్లిదండ్రులు ఉన్నారని చట్టం అనుకుంటోంది. చాలా ఇళ్ళలో ఫోన్ అమ్మది, అందులోని యూట్యూబ్ చూసేది ఏడేళ్ళ పిల్ల, ఓటీపీ చదివి ఎంటర్ చేసేది పన్నెండేళ్ళ అన్న. అకౌంట్ ప్రకారం వాడుతున్నది పెద్ద మనిషే, అనుమతి అడగాల్సిన సందర్భమే రాదు. ఫ్యాక్టరీకి చేతి పనిముట్ల చట్టం ఎలా ఉండేదో, పంచుకునే ఫోన్‌కు సొంత ఫోన్ చట్టం అలాగే ఉంది. ఈసారి చట్టం వెనకబడలేదు, మరో రకం ఇంటికోసం రాసినట్టుంది.

కాలం లెక్క కూడా గమనించదగ్గది. ఆ చట్టం అమలు నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, అనుమతికి సంబంధించిన నిబంధనలకు మరో 18 నెలల గడువు ఇచ్చారు. అంటే అవి పూర్తిగా అమల్లోకొచ్చేది 2027లో. ఆన్‌లైన్ క్లాసుల కోసం 2020లో మొదటిసారి ఫోన్ చేతికొచ్చిన ఐదో తరగతి పిల్లలకు అప్పటికి 17 ఏళ్ళు. మరో ఏడాది తిరిగేసరికి ఆ చట్టంలోని ఈ రక్షణ పరిధిలోంచి వాళ్ళు బయటికొచ్చేస్తారు.